దోషం సున్నా వచ్చిన నక్షను నమ్మవచ్చునా?

పాత గ్రామ నక్షను స్కాను చేసి, ఉపగ్రహ చిత్రం మీద పరచి, "చెరువు ఇంతవరకు ఉండేది, ఇప్పుడు ఇక్కడ వరి వేస్తున్నారు" అని చూపించడం నేడు ఎవరికైనా సాధ్యమే. క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది, నక్ష ప్రతి ఏదో విధంగా సంపాదించవచ్చు, ఒక సాయంత్రం కూర్చుంటే పని అయిపోతుంది. అలా తయారైన బొమ్మ కింద కొందరు గర్వంగా ఒక అంకె కూడా వేస్తారు, సగటు దోషం ఇన్ని పిక్సెళ్ళు మాత్రమేనని. ఆ అంకె ఎంత చిన్నదైతే నక్ష అంత నిజమని చూసేవారు అనుకుంటారు. ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. అంకె చిన్నదైనంత మాత్రాన నక్ష సరిగా కూర్చున్నట్లు కాదు. పైగా ఆ అంకెను చిన్నది చేయడానికి మనం చేసే పనే ఒక్కోసారి ఒక రైతు పొలాన్ని చెరువులో కలిపేస్తుంది. ఎలాగో ఈ వ్యాసంలో లెక్కతో సహా చూపుతాను.

ముందుగా చేతిలో ఉన్న వస్తువేమిటో తెలియాలి. పూర్వపు మద్రాసు రాజధానిలో ఉండిన కోస్తా, రాయలసీమ జిల్లాలలో గ్రామ నక్షను సాధారణంగా మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీశారు. అంటే 1:3960. మైలుకు ఎనభై గొలుసులు గనుక నక్ష మీద అంగుళం నేల మీద అయిదు గొలుసులు. గొలుసు అరవై ఆరు అడుగులు, అందులో వంద లింకులు. తెలంగాణలో గొలుసు వేరు, స్కేలు వేరు గనుక అక్కడి నక్షలకు ఈ అంకెలు పనికిరావు; నక్ష మీద ఏ స్కేలు రాసి ఉంటే దానితోనే లెక్క మొదలుపెట్టాలి. 

కోస్తా నక్షను 300 డీపీఐలో స్కాను చేస్తే ఒక పిక్సెలు నేల మీద సుమారు 0.335 మీటరు అవుతుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, మున్ముందు చాలాసార్లు అవసరపడుతుంది. మరొకటి కూడా ఉంది. నక్ష మీద మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. అంటే పావు మిల్లీమీటరు మందాన గీసిన సిరా గీత నేల మీద మీటరు వెడల్పున పడుకుంటుంది. మనం ఎంత నేర్పుగా పనిచేసినా ఆ గీతకన్నా సూక్ష్మంగా ఈ నక్ష మాట్లాడలేదు.

ఇక పని. జియోరెఫరెన్సింగ్ అంటే నక్షలోని బిందువును నేల మీది బిందువుతో ముడివేయడమే. క్యూజీఐఎస్‌లో `Layer` మెనూలోని `Georeferencer` తెరిచి స్కాను చేసిన బొమ్మను అందులోకి తీసుకుంటాం. నక్ష మీద ఒక సర్వే రాయి గుర్తును నొక్కి, ఆ రాయి నేల మీద ఉన్న చోటును అంకెలతో ఇస్తాం, లేదా పక్క కిటికీలోని పటం మీద చూపుతాం. ఇలా ముడివేసిన ప్రతి జంటా ఒక కంట్రోలు పాయింటు. గుంటూరు, కృష్ణా ప్రాంతాలకు `EPSG:32644` అనే నిరూపక వ్యవస్థ సరిపోతుంది. దానిలో కొలతలు మీటర్లలో ఉంటాయి గనుక లెక్క సులువు.

ఏ బిందువును ఎంచుకోవాలన్నది ఇందులో కష్టమైన భాగం. నక్ష గీసిన నాటినుంచి కదలనిదై ఉండాలి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటి రాయి, పాత గుడి, చెరువు తూము, రాతికట్టు బావి మంచివి. రోడ్డు అంచు పనికిరాదు, రోడ్డు వెడల్పు చేసి ఉంటారు. వాగు మలుపు పనికిరాదు, వాగు తన దారి మార్చుకుంటుంది. చెరువు నీటి అంచు అసలే పనికిరాదు, అది ఋతువును బట్టి జరుగుతుంది. రాయి కనబడినంత మాత్రాన పాత రాయే అనుకోకూడదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో చాలా గ్రామాలలో కొత్త రాళ్ళు నాటారు. పాత నక్ష మీది రాయి, నేడు గట్టు మీద కనిపించే రాయి ఒకటేనని తేల్చుకున్న తరువాతే ముడివేయాలి.

బిందువులు ఇచ్చిన తరువాత ఏ పద్ధతిలో నక్షను సర్దాలో చెప్పాలి. `Helmert` నక్షను జరుపుతుంది, తిప్పుతుంది, అన్ని దిక్కులకూ ఒకే పాళ్ళలో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. `Polynomial 1` రెండు దిక్కులకు రెండు వేరు పాళ్ళను, కొద్దిపాటి ఏటవాలును అనుమతిస్తుంది. పాత కాగితానికి నేను రెండవదాన్నే కోరుకుంటాను, కారణం కాగితం గుణం. కాగితం నిలువుకూ అడ్డానికీ ఒకేలా ముడుచుకోదు. పైగా రోలరు మీదుగా లాగే పెద్ద స్కానర్లలో కాగితం లాగుడు దిక్కున కొంచెం జారుతుంది.

ఈ ముడుత ఎంతో కంట్రోలు పాయింట్లతో నిమిత్తం లేకుండానే తెలుసుకోవచ్చు. దానికి ఎఫ్‌ఎంబీ కావాలి. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పటం గీసి, రాళ్ళ మధ్య గొలుసుతో కొలిచిన పొడవులను అంకెలలో రాసిపెట్టిన పుస్తకం అది. ఉదాహరణకు తూర్పు పడమరలుగా ఉన్న రెండు రాళ్ళ మధ్య 2000 లింకులు అని రాసి ఉందనుకోండి. అంటే ఇరవై గొలుసులు. నక్ష మీద నాలుగు అంగుళాలు. స్కానులో సరిగ్గా 1200 పిక్సెళ్ళు రావాలి. వచ్చింది. ఉత్తర దక్షిణాలుగా అంతే పొడవున్న మరో గీతను కొలిస్తే 1188 వచ్చింది. అయితే కాగితం నిలువున నూటికి ఒక వంతు ముడుచుకుంది. వినడానికి స్వల్పమే, కాని మూడు కిలోమీటర్ల గ్రామానికి అది ముప్పై మీటర్లు. ఇలాంటి నక్షకు `Helmert` వాడితే ఆ ముప్పై మీటర్లను నాలుగు వైపులా పంచి పెడుతుందే తప్ప సరిదిద్దలేదు.

ఇప్పుడు అసలు విషయం. పద్ధతి ఎంచుకోగానే క్యూజీఐఎస్ పాయింట్ల పట్టికలో ప్రతి బిందువుకు ఎదురుగా `Residual (pixels)` అని ఒక అంకె చూపుతుంది. దీన్ని శేషం అందాం. నక్షను సర్దిన తరువాత ఆ బిందువు ఎక్కడ పడాలో, మనం ఎక్కడ నొక్కామో, ఆ రెండింటి మధ్య మిగిలిన దూరమే శేషం. పట్టిక కింద `Mean error` అని మొత్తానికి ఒక అంకె ఉంటుంది. దాన్ని క్యూజీఐఎస్ ఇలా లెక్కిస్తుంది:

```
mean error = sqrt( Σ residual² / (n − m) )
```

ఇందులో `n` మనం ఇచ్చిన బిందువుల సంఖ్య, `m` ఆ పద్ధతికి తప్పనిసరిగా కావలసిన కనీస సంఖ్య. `Helmert` కు రెండు, `Polynomial 1` కు మూడు, `Polynomial 2` కు ఆరు. మూడు బిందువులే ఇచ్చి `Polynomial 1` వాడితే శేషాలన్నీ సున్నా అవుతాయి, సగటు దోషమూ సున్నాయే. అది మన గొప్పతనం కాదు. మూడు మేకులు కొట్టిన గుడ్డ ఆ మూడు మేకుల దగ్గర కదలదు, అంతే. మేకులు తప్పు చోట కొట్టినా కదలదు.

ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది దీని తరువాతి మెట్టు. ఒక కల్పిత గ్రామాన్ని తీసుకుందాం. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఇవే అంకెలతో సరిచూసుకోవచ్చు. ఊరి నడుమ గుడి దగ్గర 1వ బిందువు. అక్కడినుంచి అర కిలోమీటరు తూర్పున 2, అర కిలోమీటరు ఉత్తరాన 3, అంతే దూరంలో పడమట 4, దక్షిణాన 5. ఇవన్నీ దారికి దగ్గరగా ఉన్నాయి గనుక సులభంగా దొరికాయి. ఆరవది దూరంగా, ఈశాన్య మూలలో, గుడికి కిలోమీటరున్నర తూర్పున, కిలోమీటరున్నర ఉత్తరాన, పొలిమేర రాయి. చాలామంది ఇచ్చే బిందువుల అమరిక ఇలాగే ఉంటుంది, ఊరి చుట్టూ గుంపుగా కొన్ని, ఎక్కడో దూరాన ఒకటి.

మొదటి అయిదూ అణువంత తేడా లేకుండా సరిగా ఉన్నాయనుకుందాం. ఆరవదాని దగ్గర మాత్రం నక్ష మీద రెండు రాళ్ళ గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి, నొక్కినవారు అసలు రాయికి బదులు అరవై పిక్సెళ్ళు తూర్పున ఉన్న మరో రాయిని నొక్కారు. నేల మీద ఇరవై మీటర్ల తప్పు. `Polynomial 1` ఎంచుకుంటే పట్టికలో ఏ శేషాలు కనిపిస్తాయి?

ఆరవ బిందువు ఎదురుగా అరవై కనిపిస్తుందని అనుకుంటాం. కనిపించేది 5.9. తప్పు చేయని 2, 3 బిందువుల ఎదురుగా పదేసి పిక్సెళ్ళు. 4, 5 బిందువులకు 7.7 చొప్పున. గుడి దగ్గరి 1వ బిందువుకు 1.2. సగటు దోషం 10.8. దోషి కన్నా నిర్దోషుల మీదే ఎక్కువ మచ్చ పడింది.

ఇది క్యూజీఐఎస్ లోపం కాదు. శేషాల వర్గాల మొత్తాన్ని తగ్గించేటట్లు నక్షను సర్దడమే దాని పని. దూరాన ఒంటరిగా ఉన్న బిందువుకు పొడవాటి గునపం చివర పట్టుకున్నవాడికున్నంత బలం ఉంటుంది. ఆ మూలకు ఎదురు చెప్పే మరో బిందువు లేదు. అందుకని నక్ష మొత్తం ఆ తప్పు వైపుకు సాగిపోయి, దాని దగ్గర చక్కగా కూర్చుంటుంది. ఆ సాగుడు వలన ఊరి చుట్టూ ఉన్న మంచి బిందువులు తమ చోటు తప్పుతాయి. ఈ అమరికలో ఆరవ బిందువు తన తప్పులో పదవ వంతు మాత్రమే బయటపెట్టి తక్కిన తొమ్మిది వంతులను నక్షలోకి నెట్టేసింది. గణాంకశాస్త్రంలో దీన్ని లెవరేజి అంటారు.

ఇక ఇక్కడ అందరూ పాటించే చిట్కా ఒకటి ఉంది: శేషం ఎక్కువున్న బిందువును తీసేయండి. తీసేద్దాం. 2, 3 సమానంగా ఉన్నాయి గనుక 2 ఎదురుగా ఉన్న టిక్కు తీశాం. సగటు దోషం 9.5కు దిగింది, ఆరవ బిందువు శేషం 3కు పడిపోయింది. ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది 4వ బిందువుది, 9.1. దాన్నీ తీశాం. సగటు దోషం సున్నా. మిగిలిన నాలుగు బిందువుల శేషాలూ సున్నాలే.

ఒక్కసారి ఆగి చూడండి. కనీసానికి మూడు చాలు, నాలుగు ఉన్నాయి, అయినా దోషం సున్నా. ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది. జరిగిందేమంటే మిగిలిన 1, 3, 5 బిందువులు ఉత్తర దక్షిణాలుగా ఒకే గీత మీద ఉన్నాయి. తూర్పు పడమరల సంగతి చెప్పగలిగినవి 2, 4, 6 మాత్రమే. అందులో నిజం చెప్పిన రెండింటినీ మనం తీసేసి అబద్ధం చెప్పిన ఒక్కదాన్ని ఉంచాం. ఎదురు సాక్ష్యం లేదు గనుక దోషం లేదు. ఇప్పుడు గుడికి కిలోమీటరు తూర్పున ఉన్న ప్రతి పొలమూ నక్షలో నలభై పిక్సెళ్ళు, అంటే సుమారు 13.4 మీటర్లు పడమటికి జరిగి కూర్చుంది. అక్కడ చెరువు ఉండి, దాని పడమటి గట్టును ఆనుకుని ఒక రైతు చదరపు ఎకరం ఉందనుకోండి. ఎకరం పక్క దాదాపు 63.6 మీటర్లు. నక్షలో చెరువు ఆ పొలంలోకి 13.4 మీటర్లు చొచ్చుకొస్తుంది. లెక్కగడితే ఇరవై ఒక్క సెంట్లు. బొమ్మ కింద "సగటు దోషం సున్నా" అని రాసి, ఆ రైతు చెరువు ఆక్రమించాడని పదిమందికీ చూపించవచ్చు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ఆక్రమణలు లేవని నేను అనడం లేదు. చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టిన ఊళ్ళు కళ్ళెదుట ఉన్నాయి. అందుకే లెక్క గట్టిగా ఉండాలంటున్నాను. తప్పుడు నక్షతో ఒక నిర్దోషి మీద వేలు చూపితే, రేపు సరైన నక్షతో దోషిని చూపినా ఎవరూ నమ్మరు.

మరి దోషి బిందువును ఎలా పట్టుకోవాలి? పెద్ద శేషం ఉన్నదాన్ని తీసేసి ముందుకు పోవడానికి బదులు, ఒక్కొక్క బిందువునూ విడివిడిగా ఆపి, మళ్ళీ పెట్టి, ప్రతిసారీ సగటు దోషం ఎంతకు మారిందో చూడాలి. మన ఉదాహరణలో 1ని ఆపితే అది 13.3కు పెరుగుతుంది, మంచి సాక్షిని పంపేశాం గనుక పెరగడం సహజమే. 2ని లేదా 3ని ఆపితే 9.5. 4ని లేదా 5ని ఆపితే 10.7. ఆరవదాన్ని ఆపినప్పుడు మాత్రం ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. దోషి దొరికాడు. నిజమైన నక్షలో ఇంత నాటకీయంగా సున్నా రాదు, ప్రతి బిందువు దగ్గరా రెండు మూడు పిక్సెళ్ళ చేతి వణుకు ఉంటుంది. అయినా పెద్ద తప్పు ఉన్న బిందువును ఆపినప్పుడు వచ్చే తగ్గుదల మిగిలినవాటికన్నా స్పష్టంగా వేరుగా కనిపిస్తుంది.

అయితే ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. ఆరవ బిందువు మిగతా అయిదింటితో పొసగడం లేదని మాత్రమే అది చెబుతుంది. నొక్కడంలో తప్పు జరిగిందా, రాయి చోటు మారిందా, లేక ఆ మూల కాగితం చిరిగి అతికించి ఉందా అన్నది చెప్పదు. అది తెలియాలంటే ఆ మూలకే వెళ్ళి మరో రాయిని వెతకాలి. అందుకే ప్రతి మూలకూ రెండేసి బిందువులు ఉండాలని నేను పట్టుబడతాను. దారి పక్కన దొరికిన ఇరవై బిందువులకన్నా నాలుగు మూలలా దొరికిన ఎనిమిది ఎక్కువ విలువైనవి. ఆ మూలల్లో రెండవ రాయి దొరకకపోతే, ఆ వైపు నక్ష గురించి మాట్లాడకుండా ఉండడమే మర్యాద.

శేషాలకు అసలే కనబడని తప్పు ఇంకొకటి ఉంది. బిందువులన్నిటినీ ఒకే ఉపగ్రహ చిత్రం నుంచి తీసుకున్నారనుకోండి. ఆ చిత్రం అక్కడ మొత్తంగా అయిదు మీటర్లు పక్కకు జరిగి ఉంటే, బిందువులన్నీ కలిసికట్టుగా అయిదు మీటర్లు జరుగుతాయి. ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి గనుక శేషాలు ముచ్చటగా ఉంటాయి. ఊరంతా కలిసి చెప్పే అబద్ధాన్ని ఊళ్ళోవారినే అడిగి తేల్చలేం కదా! దానికి బయటినుంచి రుజువు కావాలి.

బయటి రుజువుకు రెండు దారులున్నాయి. మొదటిది, దొరికిన రాళ్ళలో కొన్నిటిని సర్దుబాటులో వాడకుండా ముందే పక్కన పెట్టుకోవడం. పది దొరికితే ఏడు వాడి మూడు దాచుకోవాలి, ఆ మూడూ ఒకే వైపున ఉండకూడదు. వీలైతే ఇవి ఉపగ్రహ చిత్రం నుంచి కాక, మంచి జీఎన్‌ఎస్‌ఎస్ పరికరంతో రాయి మీద నిలబడి కొలిచినవి కావాలి. నక్షను సర్దిన తరువాత ఆ మూడు రాళ్ళు నక్షలో ఎక్కడ పడ్డాయో, నేల మీద ఎక్కడ ఉన్నాయో చూసి మధ్య దూరాన్ని మీటర్లలో కొలవాలి. ఎవరికైనా చెప్పవలసిన దోషం ఇదే. శేషాల సగటు కేవలం మన ఇంటి లెక్క.

రెండవది ఎఫ్‌ఎంబీ. సర్దిన నక్ష మీద, కంట్రోలు పాయింట్లకు దూరంగా, రెండు రాళ్ళ మధ్య పొడవు కొలిచి పుస్తకంలోని లింకులతో పోల్చాలి. లింకు 0.2012 మీటరు. మన ఉదాహరణలో సగటు దోషం సున్నా వచ్చిన ఆ నక్షకు ఈ పరీక్ష పెడితే ఏమవుతుందో చూద్దాం. ఆ తప్పు సర్దుబాటు తూర్పు పడమరల పొడవులను కిలోమీటరుకు 13.4 మీటర్లు తగ్గించింది. పుస్తకంలో 2000 లింకులు, అంటే 402.3 మీటర్లు ఉన్న తూర్పు పడమర గీత నక్షలో దాదాపు అయిదు మీటర్లకు పైగా తక్కువ వస్తుంది. శేషాలు దాచిపెట్టిన తప్పును నూరేళ్ళనాటి గొలుసు బయటపెట్టింది. నాలుగు మూలలా నాలుగు గీతలను ఇలా కొలవడానికి అరగంట చాలు.

ఈ పరీక్షలు చేయకుండా, శేషాలు తగ్గడం లేదని విసిగి, కొందరు `Thin Plate Spline` అనే పద్ధతికి దూకుతారు. అది నక్షను రబ్బరు గుడ్డలా సాగదీసి ప్రతి బిందువునూ చెప్పిన చోటే కూర్చోబెడుతుంది. శేషాలన్నీ దాదాపు సున్నా అవుతాయి, ఎన్ని బిందువులిచ్చినా, అవి ఎంత తప్పైనా. ఇరవై మీటర్ల తప్పున్న బిందువు దగ్గర నక్ష ఇరవై మీటర్లు వంగుతుంది, గీతలు కొద్దిగా ఒంపు తిరుగుతాయి, అంతే. మడతలుపడి, అతుకులు వేసిన నక్షకు, నిండా నమ్మకమైన బిందువులు ముప్పై నలభై ఉన్నప్పుడు దానికీ ఒక ఉపయోగం ఉంది. కాని దాని శేషాన్ని నాణ్యతకు కొలమానంగా చూపడం పరీక్ష రాసినవాడే తన పేపరు దిద్దుకున్నట్లుంటుంది. నేను దాన్ని వాడవలసి వస్తే ముందు `Polynomial 1` తో సర్ది, తప్పు బిందువులను ఏరివేసి, ఆ తరువాతే దానివైపు చూస్తాను. దాచిపెట్టిన రాళ్ళతో తేడా నిజంగా తగ్గిందో లేదో కొలిచి, తగ్గితేనే ఉంచుతాను.

అన్నీ సరిగా చేస్తే ఎంత రావచ్చు? గీత మందం మీటరు. చేతి వణుకు రెండు మూడు పిక్సెళ్ళు, మరో మీటరు. బిందువులను చేతిలో పట్టే మామూలు జీపీఎస్‌తోనో, ఉపగ్రహ చిత్రం మీదో తీసుకుంటే ఇంకొక మూడు నుంచి అయిదు మీటర్లు. కనుక దాచిన రాళ్ళ దగ్గర నాలుగైదు మీటర్ల తేడా కనిపిస్తే నక్ష తన శక్తి మేరకు పలికిందని భావించవచ్చు. అంతకన్నా చాలా తక్కువ చూపిస్తూ ఎవరైనా వస్తే, నేను మెచ్చుకోవడానికి ముందు ఎన్ని బిందువులు తీసేశారని అడుగుతాను.

ఈ నాలుగైదు మీటర్లే నక్ష పరిధిని నిర్ణయిస్తాయి. ఒక సర్వే నంబరు ఎక్కడ ఉంది, చెరువు విస్తీర్ణం స్థూలంగా ఎంత, పాత డొంక ఏ వైపుగా పోయేది, శ్మశానం ఎక్కడ ఉండేది, ఇటువంటి ప్రశ్నలకు ఇది చక్కగా జవాబు చెబుతుంది. ఇద్దరు అన్నదమ్ముల మధ్య గట్టు మూడడుగులు ఇటా అటా అన్న ప్రశ్నకు చెప్పలేదు, చెప్పమని అడగకూడదు. దానికి ఎఫ్‌ఎంబీ ఉంది, అందులో కొలతలు అంకెలలో ఉన్నాయి, రాయినుంచి రాయికి కొలిచి చూసే సర్వేయరు ఉన్నాడు. గ్రామ నక్ష ఆ పటాలన్నిటినీ ఒకచోట కూర్చి చూపే చిన్న బొమ్మ. కూర్పును చూపి మూలాన్ని కాదనడం న్యాయం కాదు.

కాబట్టి ఇటువంటి బొమ్మలు తయారుచేసే మిత్రులకు నాదొక కోరిక. బొమ్మతోపాటు `.points` ఫైలును కూడా ఇవ్వండి. `Georeferencer` లో దాన్ని దాచుకోవచ్చు. అందులో మామూలు అక్షరాలలో ఇలాంటి వరుసలుంటాయి:

```
mapX,mapY,sourceX,sourceY,enable,dX,dY,residual
```

`enable` అన్న గడిలో సున్నా ఉన్నవన్నీ మీరు ఆపేసిన బిందువులు. వాటిని చెరిపివేయకుండా అలాగే ఉంచండి. ఎవరిని సాక్ష్యం చెప్పనిచ్చారో, ఎవరిని బయటికి పంపారో చూసేవారికి తెలియాలి. ఏ పద్ధతి వాడారో, ఎన్ని రాళ్ళను పరీక్షకు దాచారో, వాటి దగ్గర తేడా ఎన్ని మీటర్లు వచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా, దాన్ని పట్టుకుని ఒకరి పొలం గట్టు మీదికి వెళ్ళే హక్కు మనకు లేదు.